ఒకే పుండు, నాలుగు చూపులు

నర్సింగ్ కాలేజీలో చదివే ప్రతి విద్యార్థి దగ్గరా లావుపాటి కేస్ స్టడీ ఫైలు ఉంటుంది. వార్డులో ఒక పేషెంటును ఎంచుకుని కొన్ని రోజులు చూసుకోవాలి. ఏం గమనించారో, సమస్య ఏమిటో, ఏ లక్ష్యం పెట్టుకున్నారో, ఏం చేశారో, ఫలితం ఏమిటో గడులు గీసి రాయాలి. ఇదే కేర్ ప్లాన్. ఫైలు చివర్లో మాత్రం ‘థియరీ అప్లికేషన్’ అని ఒక పేజీ కనిపిస్తుంది. పైన ఒక సిద్ధాంతకర్త పేరు, కింద నాలుగు డబ్బాలు, వాటి మధ్య బాణాలు. చాలా ఫైళ్లలో ఆ పేజీ ప్లాన్ మొత్తం రాసేశాక తగిలించినదే. బాణాలు చక్కగానే ఉంటాయి, కానీ వాటి వల్ల ప్లాన్‌లో ఒక్క వాక్యం కూడా మారి ఉండదు.

నిజానికి ఆ పేజీ ఉండాల్సింది ఫైలు మొదట్లో. పేషెంటును ఏం అడగాలి, దేన్ని సమస్యగా లెక్కించాలి, ఎప్పుడు ‘ఇక నా అవసరం లేదు’ అని నర్సు పక్కకు జరగాలి అన్నవి తేల్చేది సిద్ధాంతమే. సిద్ధాంతం మారితే ప్రశ్నలు మారతాయి, ప్రశ్నలు మారితే ప్లాన్ మారుతుంది. మాటల్లో చెబితే ఇది గాలిలో మేడలా ఉంటుంది కాబట్టి ఒక మనిషిని ఊహించుకుందాం.

నల్లగొండ వైపు పల్లెలో 56 ఏళ్ల రైతు. షుగర్ వచ్చి 11 ఏళ్లు. పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది. వరి పొలంలో చెప్పుల్లేకుండా తిరుగుతుంటే కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఏదో గుచ్చుకుంది. నొప్పి తెలియలేదు. చీము పట్టి వాసన వచ్చేదాకా ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆస్పత్రిలో చచ్చిన కండ తీసేసి శుభ్రం చేశారు. ఇప్పుడు పుండు 3 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు. పాదంలో నాడి బాగానే అందుతోంది, అంటే రక్తప్రసరణ మరీ దెబ్బతినలేదు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 10.4 శాతం. రెండు కళ్లకూ శుక్లాలు. బీడీ అలవాటు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. భార్య, కొడుకు, కోడలు, మనవడు ఉన్నారు. కొడుకు హైదరాబాద్‌లో పని చేసుకుంటూ నెలకోసారి వస్తాడు.

ఈ మంచం దగ్గరికి ఫ్లోరెన్స్ నైటింగేల్ వస్తే ముందు కిటికీ వైపు చూస్తుంది. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో స్కుటారి సైనికాస్పత్రిలో మురుగు, ఇరుకు, మురికి నీళ్లు మనుషుల్ని ఎలా తినేస్తాయో ఆమె కళ్లారా చూసింది. స్వచ్ఛమైన గాలి, వెలుతురు, వెచ్చదనం, శుభ్రత, నిశ్శబ్దం, సరైన తిండి అమర్చి పెడితే శరీరం తన పని తాను చేసుకుంటుందన్నది ఆమె వాదం. కాబట్టి ఆమె అడిగేది ఇంటి గురించి. కట్టు మార్చేది ఎక్కడ? పశువుల కొట్టం పక్కనా? ఈగలు వాలుతాయా? చేతులు కడుక్కోవడానికి నీళ్లు ఎక్కడివి? ఈ ప్రశ్నలకు నేటికీ విలువ తగ్గలేదు. అయితే రైతు ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్నది ఈ చూపుకు అంతగా ఆనదు. అందులో పేషెంటు చాలావరకు పడుకుని ఉన్న మనిషి.

వర్జీనియా హెండర్సన్ 14 అవసరాల జాబితాతో వస్తుంది. ఊపిరి, తిండి, విసర్జన, కదలిక, నిద్ర, బట్టలు, శుభ్రత, ప్రమాదం నుంచి రక్షణ, మాట్లాడుకోవడం, పూజాపునస్కారం, పని, వినోదం, నేర్చుకోవడం వరకూ అన్నీ అందులో ఉంటాయి. బలం, సంకల్పం, తెలివిడి ఉంటే మనిషి తనంతట తానే చేసుకునే పనుల్లో అతనికి తోడ్పడి, వీలైనంత త్వరగా మళ్లీ తన కాళ్ల మీద నిలబెట్టడమే నర్సు పని అని ఆమె చెప్పింది. కొత్తగా వార్డులో అడుగుపెట్టిన విద్యార్థికి ఇంతకంటే పనికొచ్చే జాబితా దొరకదు, ఏదీ మరిచిపోనివ్వదు. చిక్కల్లా ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే. ఈ రైతుకు వినోదమూ ఒక గడే, ఇన్సులినూ ఒక గడే.

సిస్టర్ కలిస్టా రాయ్ ప్రశ్న పూర్తిగా వేరు. పిల్లల వార్డులో పనిచేసినప్పుడు, పెద్ద మార్పులకు సైతం పిల్లలు ఎంత తేలిగ్గా సర్దుకుంటారో చూసి ఆశ్చర్యపోయిన నర్సు ఆమె. 1970లో తొలిసారి అచ్చయిన ఆమె సిద్ధాంతం మనిషిని నాలుగు వైపుల నుంచి చూస్తుంది. శరీరం ఎలా సర్దుకుంటోంది? తన గురించి తాను ఏమనుకుంటున్నాడు? ఇంట్లో, ఊళ్లో తన పాత్ర ఏమైంది? ఎవరి మీద ఆధారపడుతున్నాడు, ఆ బంధం ఎలా ఉంది? నలభై ఏళ్లు దున్నిన మనిషి ఇప్పుడు మడి గట్టు మీదికి కూడా వెళ్లలేడు. సూది కోసం కోడలి ముందు చెయ్యి చాపి కూర్చోవాలి. ‘కాలు తీసేస్తే నేనెందుకు’ అని రాత్రిళ్లు గొణుక్కుంటున్నాడు. ఈ మాటను పట్టుకోవడంలో రాయ్‌ని మించినవారు లేరు. ఆమెకు ముందు, 1952లో, హిల్డెగార్డ్ పెప్లావ్ నర్సుకూ పేషెంటుకూ మధ్య పెరిగే సంబంధమే వైద్యంలో భాగమని వాదించింది. ఆమె చూపు ముఖ్యంగా మానసిక వైద్య వార్డుల్లో బాగా పాతుకుపోయింది.

నాలుగో చూపు డొరోతియా ఓరెమ్‌ది. రైతు ఇంటికి వెళ్లబోతున్నాడు కాబట్టి ఈ పుండుకు అన్నిటికంటే సరిపడేది ఇదే. వార్డులో ఉన్న పది రోజులు కట్టు ఎవరైనా కడతారు. ఆ తర్వాత వచ్చే పది వారాల సంగతేమిటి?

ఓరెమ్ 1914లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టింది. 1950ల చివర్లో వాషింగ్టన్‌లోని ప్రభుత్వ విద్యా విభాగంలో, ప్రాక్టికల్ నర్సుల శిక్షణకు పాఠ్యప్రణాళిక సిద్ధం చేసే పని ఆమెకు అప్పగించారు. ఏం నేర్పాలో తేలాలంటే ముందు ఒక సంగతి తేలాలి: మనిషికి నర్సు ఎప్పుడు అవసరమవుతుంది? జబ్బు చేసినప్పుడు అంటే చాలదు, జబ్బు చేసినా డాక్టరు మందుతో ఇంట్లోనే గడిపేసేవాళ్లు బోలెడుమంది. తన ఆరోగ్యానికి రోజూ కావలసిన పనులను తానుగానీ తనవాళ్లుగానీ చేసుకోలేని స్థితి వచ్చినప్పుడే నర్సు అవసరమవుతుందని ఆమె తేల్చింది. 1971లో వచ్చిన ‘నర్సింగ్: కాన్సెప్ట్స్ ఆఫ్ ప్రాక్టీస్’ పుస్తకం ఈ ఒక్క జవాబునే విప్పి చెబుతుంది.

లెక్క సూటిగా ఉంటుంది. ఒకవైపు, ఈ మనిషి బాగుండాలంటే రోజూ జరగాల్సిన పనులు. మరోవైపు, వాటిని చేయగల అతని సత్తా. పనులు ఎక్కువై సత్తా తక్కువైతే మిగిలేది లోటు. దాన్నే సెల్ఫ్ కేర్ డెఫిసిట్ అంటారు. ఆ లోటు మేరకే నర్సు పూనుకోవాలి, అంతకు మించి కాదు. పూనుకోవడం మూడు రకాలు. పేషెంటు ఏమీ చేయలేకపోతే అంతా నర్సే చేస్తుంది. కొంత చేయగలిగితే ఇద్దరూ పంచుకుంటారు. అన్నీ చేయగలిగి, తెలియకపోవడమో ధైర్యం చాలకపోవడమో అయితే నేర్పి, వెన్ను తట్టి వదిలేస్తుంది.

పాఠాల్లో సాధారణంగా ఈ మూడింటినీ రోజుల వారీగా చూపిస్తారు. ఆపరేషన్ రోజు మొదటిది, వార్డులో రెండోది, డిశ్చార్జి నాడు మూడోది. ఈ చిత్రం సగమే నిజం. ఒకే రోజున, ఒకే మనిషికి, ఒక్కో పనికి ఒక్కో రకం సాయం అవసరం కావచ్చు. ఈ రైతు విషయంలో ప్లాన్ కుదిరేదీ చెడేదీ ఇక్కడే. మామూలు ఫైలులో ఈయన పేరు కింద ‘అవగాహన లోపం’ అని రాసి, ఎదురుగా ‘ఆరోగ్య విద్య ఇవ్వడమైనది’ అని ముగిస్తారు. లోటు ఎక్కడిదని ఓరెమ్ అడుగుతుంది. తెలియకనా, చేతకాకనా, మనసు రాకనా, వస్తువు లేకనా? కంటికి శుక్లం ఉన్నవాడికి ఎంత చెప్పినా సిరంజి మీద గీత కనిపించదు కదా!

ఇన్సులిన్‌తో మొదలుపెడదాం. డాక్టరు రాసింది 30/70 మిశ్రమ ఇన్సులిన్, ఉదయం 20 యూనిట్లు, రాత్రి 12 యూనిట్లు, తిండికి అరగంట ముందు. ఆస్పత్రికి రాక ముందు కూడా ఇదే మోతాదు. అయినా చేరిన రోజు షుగర్ 300 దాటి ఉంది. వార్డులో అదే మోతాదు ఇస్తే నాలుగైదు రోజుల్లో పరగడుపు షుగర్ 140కి దిగింది. ‘ఇంట్లో మిఠాయిలు తింటాడేమో’ అని అందరూ అనుకునే ఘట్టం ఇది. నర్సు ఆ మాట అనకుండా వేరే ప్రశ్న వేస్తుంది.

“సూది ఎవరు ఎక్కిస్తరు పెదనాయనా?”

“కండ్లకు పొరలొచ్చినయ్ బిడ్డా, గీతలు కనబడయ్. కోడలే ఎక్కిస్తది.”

అంటే ఈ పనిలో చూడాల్సింది రైతు సత్తా కాదు, కోడలి సత్తా. ఇంట్లోవాళ్లు చేసే ఈ సంరక్షణకు ఓరెమ్ సిద్ధాంతంలో ప్రత్యేకంగా చోటుంది. దాన్ని డిపెండెంట్ కేర్ అంటారు. నర్సు కోడలిని ‘వచ్చా?’ అని అడగదు, ఎందుకంటే వచ్చనే అంటుంది. ఇంట్లో వాడే సిరంజి, మందుసీసా తెప్పించి, తన ఎదుటే 20 యూనిట్లు తీయమంటుంది. అమ్మాయి చేతులు కడుక్కుంది, సీసాను అరచేతుల మధ్య దొర్లించింది, గాలి బుడగలు లేకుండా సరిగ్గా 20 గీత దాకా తీసింది. తప్పు పట్టడానికేమీ లేదు. సిరంజి మూత మాత్రం నారింజ రంగులో ఉంది.

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో వస్తాయి. వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల బలం ఉన్న మందుకు. ఆ సిరంజిలో 20 గీత అంటే 0.2 మిల్లీలీటరు. 40 యూనిట్ల సీసాలోంచి అంత మందు తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. ఊళ్లోని మందుల షాపులో ఎర్ర మూతది దొరక్క ఇది తెచ్చుకున్నారు. నెలల తరబడి ఆ రైతుకు అందింది సగం కన్నా తక్కువ మోతాదు.

దీన్ని పట్టుకోకుండా డిశ్చార్జి చేస్తే ముప్పు రెండు విధాలుగా వస్తుంది. షుగర్ తగ్గట్లేదని బయటి క్లినిక్‌లో మోతాదు పెంచుతూ పోతారు. ఏదో ఒక రోజు ఇంట్లోకి సరైన సిరంజి వస్తుంది, ఆ పెంచిన మోతాదంతా నిజంగా ఒంట్లోకి దిగి మనిషి పడిపోతాడు. అందుకే నర్సు ఈ సంగతిని కోడలికి నేర్పి ఊరుకోదు, డాక్టరుకు చెప్పి, కేస్ షీటులో రాస్తుంది.

ఇప్పుడు ప్లాన్‌లో ఈ పని కింద రాసే లక్ష్యం ‘ఇన్సులిన్ గురించి అవగాహన పెరుగుతుంది’ అని కాదు. ‘డిశ్చార్జికి ముందు కోడలు ఎర్ర మూత సిరంజితో 20, 12 యూనిట్లను సాయం లేకుండా వరుసగా మూడుసార్లు సరిగ్గా తీస్తుంది’ అని. అది అయిందో కాలేదో కంటితో చూసి చెప్పవచ్చు. రైతు కూడా ఊరికే కూర్చోడు. పొట్ట మీద ఏ పూట ఎక్కడ సూది వేయాలో చోటు మార్చి చూపడం, అరగంటకు అన్నం పెట్టించుకోవడం, చెమటలు పట్టి వణుకు వస్తే వెంటనే చెప్పి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపించుకుని తాగడం ఆయన పనులు. షుగర్ 70 కన్నా దిగిందంటే ఆగకూడదు. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి.

ఫ్రిజ్ లేకపోవడం తెలివిడి లోటు కాదు, వస్తువు లోటు. తెరిచిన సీసాను ఎండాకాలం గూట్లో పెడితే మందు చెడుతుంది. కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో ఉంచితే సరిపోతుంది. తెరిచిన నాలుగు వారాల తర్వాత పారేయాలి. దొర్లించినా గడ్డలు కరగకపోతే ఆ మందు వాడకూడదు.

రెండో పెద్ద పని పుండు మీద బరువు పడకుండా చూడడం. ఎన్ని మందులు వాడినా అరికాలి పుండు మీద రోజూ నడిస్తే అది మానదు. ఇది రైతుకు తెలుసు, అడిగితే తానే చెబుతాడు. అయినా నడుస్తాడు, ఎందుకంటే నొప్పి లేదు. కాలు విరిగినవాడిని నొప్పి మంచం మీద కూర్చోబెడుతుంది, ఈయన్ని ఆపేదేమీ లేదు. కాబట్టి మళ్లీ మళ్లీ చెప్పడం వల్ల ఉపయోగం లేదు. ఎందుకు నడవాల్సి వస్తోందో ఒక్కొక్కటీ వెతకాలి. మోటరు వేయడానికి పొలం దాకా రోజుకు రెండుసార్లు. రాత్రి ఇంటి వెనక మరుగుదొడ్డికి. పొద్దున చాయ్‌కి సెంటర్ దాకా. మోటరు పని పక్క పొలం వాళ్లకు అప్పజెప్పేలా కొడుకుతో ఫోనులో మాట్లాడించాలి. రాత్రికి మంచం పక్కన ఏర్పాటు చేయాలి. డాక్టరు సలహాతో మోకాలి కింది దాకా పట్టీ వేయించడమో, బరువు తప్పించే ప్రత్యేక చెప్పులు ఇప్పించడమో చూడాలి. విప్పడానికి వీల్లేని పట్టీయే మేలని ఈ రంగంలో అనుభవమున్నవారు అంటారు, విప్పగలిగేదైతే విప్పేస్తారు కాబట్టి. మాట వింటున్నాడో లేదో తెలుసుకోవడానికి అడగక్కర్లేదు. చెప్పులో మట్టి, కట్టు అంచున తడి చూస్తే తెలిసిపోతుంది.

రోజూ పాదం చూసుకోమని, అరికాలి కింద అద్దం పెట్టుకోమని కరపత్రాల్లో రాస్తారు. శుక్లాలున్న ఈయనకు ఆ సలహా దండగ. రాత్రి భోజనమయ్యాక భార్య రెండు పాదాలూ, వేళ్ల సందులూ దీపం వెలుగులో చూస్తుంది. ఎరుపు పాకినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ రోజే ఆస్పత్రి. స్నానం నీళ్ల వేడిని కూడా ఆమె మోచేత్తోనే చూడాలి, ఆయన కాలికి ఆ వేడి తెలియదు. షుగర్ అదుపులోకి వచ్చాక కంటి ఆపరేషన్ చేయిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. అప్పుడు సిరంజి పట్టే పని ఆయన చేతికి రావాలి, ప్లాన్ మళ్లీ రాయాలి.

ప్లాన్ పనిచేస్తోందా అన్నదానికి ఒక కొలత ఉంది. పారదర్శకమైన షీటు మీద పుండు అంచు గీసుకుని వారం వారం కొలుస్తారు. మొదట పొడవు వెడల్పులు గుణిస్తే 6 చదరపు సెంటీమీటర్లు. నాలుగు వారాలకు అది 3కో అంతకన్నా తక్కువకో వస్తే పుండు దారిలో పడినట్టు. రాకపోతే అదే కట్టు అలాగే కడుతూ కూర్చోకూడదు. ఎముకకు చీము పట్టిందా, రక్తప్రసరణ తగ్గిందా, మనిషి నడుస్తున్నాడా అని డాక్టరుతో కలిసి మళ్లీ మొదటినుంచి వెతకాలి.

ఓరెమ్‌కు అందని చోట్లూ ఉన్నాయి. ‘నేనెందుకు’ అన్న గొణుగుడును ఆమె లెక్కలో ‘సంకల్పం లోటు’ అని రాస్తే అది ఎండిపోయిన మాట అవుతుంది. అక్కడ రాయ్ నుంచి పాత్ర అన్న ప్రశ్నను అరువు తెచ్చుకుని, కూర్చుని చేయగల పని ఏమిటో, విత్తనం ఎంపికో కూలీల లెక్కో, ఆయనతోనే వెతికించడం మేలు. బీడీ సంగతి కూడా అప్పుడే కదులుతుంది. రెండు సిద్ధాంతాలు కలపకూడదని పరీక్షలో మార్కులు కోస్తారేమో గానీ వార్డులో ఎవరూ కోయరు.

ఇంకో విమర్శ బలమైనది. మనిషి తన పని తాను చేసుకోవడమే గమ్యం అన్న ఆలోచన అమెరికా నేల మీద మొలిచింది. మన ఆస్పత్రుల్లో మంచం పక్కన అటెండెంటు లేని పేషెంటు అరుదు. ఇంటికి వెళ్లాక ‘మేమున్నాంగా’ అని అంతా చేసిపెడతారు, చేతనైన పనిని కూడా చేయనివ్వరు. ఓరెమ్‌ను ఇక్కడ వాడాలంటే డిపెండెంట్ కేర్‌ను ఫుట్‌నోటులోంచి తెచ్చి మధ్యలో పెట్టాలి. అప్పుడు కోడలి గురించి కూడా అవే ప్రశ్నలు అడగాల్సి వస్తుంది. ఆమె కూలికి వెళ్లేది ఎన్ని గంటలకు? చంటిపిల్లాడిని ఎత్తుకుని సూది వేస్తోందా? ఆమెకు జ్వరం వస్తే ఆ పూట ఎవరు? మన కేర్ ప్లాన్లలో ఈ గడి దాదాపు కనిపించదు. సూది ఎవరు వేస్తారో రాయని ప్లాన్‌ను పూర్తయిందని సంతకం పెట్టకూడదు.

మీ ఇంట్లో ఎవరైనా సిరంజితో ఇన్సులిన్ తీసుకుంటుంటే ఇవాళే సీసా మీద చూడండి. 40 అని ఉంటే సిరంజి మూత ఎర్రగా ఉండాలి, 100 అని ఉంటే నారింజ రంగులో ఉండాలి. తేడా కనిపిస్తే సిరంజి మార్చేసి ఊరుకోకండి, మోతాదు విషయం ముందు డాక్టరుతో మాట్లాడండి.